చాపీనెస్ 61.8 దాటాక రేంజ్ స్ట్రాటజీ వేస్తే ప్రతిసారీ ఎందుకు దెబ్బ తగులుతోంది?

కొత్తనీరు

నా దగ్గర రెండు స్ట్రాటజీలున్నాయి. ఒకటి బ్రేకౌట్ పట్టుకుని ట్రెండ్ వెంట పోయేది. రెండోది రేంజ్ అంచుల దగ్గర ఆర్‌ఎస్‌ఐ చూసి ఎదురు వేసేది. ఏ రోజు ఏది తియ్యాలో తేల్చుకోడానికి చాపీనెస్ ఇండెక్స్ పెట్టుకున్నాను. డైలీ చార్టు, 14 బార్లు. 61.8 పైనుంటే రేంజ్ స్ట్రాటజీ, 38.2 కిందుంటే ట్రెండ్ స్ట్రాటజీ, మధ్యలో ఉంటే చేతులు కట్టుకుని కూర్చోవడం.

చూడ్డానికి ఎంత బావుందో! ఆరు నెలల్లో 23 ట్రేడ్లు, 15 నష్టం. అన్నిటి కథా ఒకటే. 61.8 దాటింది కదా అని పై అంచున షార్ట్ వేస్తే, రెండు రోజుల్లో అంచు బద్దలు కొట్టుకుని పైకి పోతుంది. 38.2 కిందకి వచ్చింది కదా అని ట్రెండ్ వెంట దూకితే, నేను ఎక్కగానే అది ఆగిపోతుంది. నా కోసమే కాచుకుని కూర్చున్నట్టు. సెట్టింగ్ మార్చాలా, ఇండికేటరే పనికిరాదా?

రాకెట్‌బాబు

చాలా సింపుల్ బ్రో, నువ్వు తిరగేసి వాడుతున్నావ్. 61.8 పైన అంటే మార్కెట్ స్ప్రింగ్‌లా నొక్కుకుని ఉంది, పేలబోతోందని అర్థం. అక్కడ బ్రేకౌట్ వెయ్యాలి. 38.2 కింద అంటే ట్రెండ్ అలిసిపోయింది, అక్కడ ఎదురు వెయ్యాలి. నేను అలాగే చేస్తా.

శాంతమ్మ

మధ్యలో అడ్డొస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నా చార్టులో ఈ గీత కిందకి దిగుతోంది, ధర మాత్రం పైకి పోతోంది. ఇది డైవర్జెన్స్ కదా, అమ్మేసుకోవాలా?

గానుగెద్దు

శాంతమ్మ గారూ, ఆగండి, అమ్మకండి. దీనికి దిక్కు తెలీదు. ధర నిటారుగా పైకి పోయినా గీత దిగుతుంది, నిటారుగా కిందకి పడినా దిగుతుంది. డైవర్జెన్స్ అనే మాట దీనికి అంటదు.

కొత్తనీరు గారికి కాస్త పొడుగ్గా చెప్పాలి. నా పేరు చూశారుగా, ఈ ఇండికేటర్‌ని నేను అర్థం చేసుకున్నది ఆ బొమ్మతోనే. గానుగెద్దు రోజంతా నడుస్తుంది, సాయంత్రానికి ఉన్న చోటే ఉంటుంది. బండెద్దు అంతే దూరం నడిచి పక్క ఊరు చేరుతుంది. చాపీనెస్ అడిగే ప్రశ్న ఇదే: ఈ 14 బార్లలో ధర మొత్తం ఎంత నడిచింది, ఆ నడక ఎంత మేర కవర్ చేసింది? నడిచిన దూరం అంటే 14 ట్రూ రేంజ్‌ల మొత్తం. ట్రూ రేంజ్ అంటే ఆ బార్ హై నుంచి లో దాకా దూరం, గ్యాప్ ఉంటే ముందు క్లోజ్‌ని కూడా కలుపుకుని. కవర్ చేసిన మేర అంటే ఆ 14 బార్లలో అన్నిటికన్నా పై హై నుంచి అన్నిటికన్నా కింది లో దాకా. మొదటిదాన్ని రెండోదానితో భాగించి, లాగరిథమ్ తీసి, 0 నుంచి 100 కొలమానంలోకి తెచ్చారు. ఆస్ట్రేలియా కమోడిటీ ట్రేడర్ ఇ.డబ్ల్యూ. డ్రైస్ చేసిన పని ఇది.

```
CI = 100 * log10( sum(TR, n) / (HH - LL) ) / log10(n)
```

ఇప్పుడు గీతల సంగతి. 14 బార్లకి 61.8 అంటే, కవర్ చేసిన మేరకి 5.1 రెట్లు నడిచిందన్న మాట. 38.2 అంటే 2.74 రెట్లు. సరిగ్గా 50 అంటే 3.74 రెట్లు, అది 14కి వర్గమూలం. ఈ మూడింట్లో నాకు ముఖ్యంగా కనిపించేది 50. దిక్కూ తెన్నూ లేకుండా నాణెం ఎగరేసుకుంటూ నడిచే ధర ఎంత మేర కవర్ చేస్తుందో దాదాపు అక్కడ పడుతుంది. కంప్యూటర్లో ఉత్తుత్తి చార్టు తయారుచేసి, ప్రతి బార్ లోపల కొన్ని వందల అడుగులు వేయించి చూడండి, గీత 50 చుట్టూనే తిరుగుతుంది. అందులోనూ అప్పుడప్పుడూ 61.8 దాటుతుంది, అప్పుడప్పుడూ 38.2 కిందకి పోతుంది. అక్కడ ట్రెండూ లేదు, రేంజూ లేదు. 61.8, 38.2 అన్నవి ఫిబొనాచీ మోజుతో పెట్టిన గీతలే, మార్కెట్లో గోడలేమీ కావు.

నిదానం

ఎద్దు గారు చెప్పింది సరే గానీ, ఆయన అడిగింది నష్టాలెందుకని. ఒక ఉదాహరణ వేసి చూద్దాం, అప్పుడు విషయం దానంతటదే తేలుతుంది.

ధర 14 రోజులుగా 100కీ 105కీ మధ్య కొట్టుకుంటోంది అనుకోండి. రోజుకి ట్రూ రేంజ్ 2 పాయింట్లు. మొత్తం నడక 28, మేర 5. భాగిస్తే 5.6, చాపీనెస్ 65.3. మీ రూల్ ప్రకారం రేంజ్ స్ట్రాటజీ ఆన్ అయింది, 105 దగ్గర షార్ట్ వేశారు.

మర్నాడు ధర 109కి పోయింది, ఆ రోజు ట్రూ రేంజ్ 6. పాత 2 పోయి కొత్త 6 చేరింది, నడక 32. మేర 9. చాపీనెస్ 48. ఒక్క రోజులో 65 నుంచి 48. మీ స్టాప్ తగిలిపోయింది, పోనీ ట్రెండ్ స్ట్రాటజీ అయినా ఆన్ అయిందా అంటే లేదు, మీ లెక్కలో 48 అంటే చేతులు కట్టుకునే చోటు. ఆ మర్నాడు 111.5, ట్రూ రేంజ్ 3. నడక 33, మేర 11.5, చాపీనెస్ 40. ఇంకా కూర్చునే ఉన్నారు. మూడో రోజు 114. నడక 34, మేర 14, చాపీనెస్ 33.6. ఇప్పుడు మీకు పచ్చజెండా ఊగింది.

అప్పటికి ధర పాత పై అంచు దాటి 9 పాయింట్లు పోయింది. ఆ రేంజ్ మొత్తం వెడల్పే 5. పెళ్లి అయిపోయాక పందిట్లోకి వెళ్లారన్న మాట. స్టాప్ పాత రేంజ్ లోపల పెడితే చాలా దూరం, దగ్గర పెడితే మామూలు వెనకడుగుకే తగిలిపోతుంది. మీరు ఎక్కగానే ఆగిపోతోందని అన్నారే, దానికి కారణం ఇది. ఎవరూ కాచుకుని కూర్చోలేదు.

రేంజ్ వైపూ ఇదే జరుగుతోంది. గీత 65 చూపించాలంటే ముందు 14 రోజులు ధర అక్కడే కొట్టుకోవాలి. మీరు రేంజ్ ఆడటం మొదలుపెట్టేసరికి దానికి వయసైపోయింది.

రాకెట్‌బాబు

అందుకే కదా నేను చెప్పింది! తిరగేసి వాడమని!

నిదానం

సగం నిజం తమ్ముడూ. పై గీత దగ్గర బ్రేకౌట్ కోసం సిద్ధంగా ఉండమన్నది బానే ఉంది. కానీ ఎప్పుడు పేలుతుందో ఈ గీత చెప్పదు. 65 మీద మూడు రోజులు ఉండొచ్చు, మూడు వారాలు ఉండొచ్చు, ఈలోపు దొంగ బ్రేకౌట్లు నాలుగు తగులుతాయి. ఇక 38.2 కింద ఎదురు వెయ్యడం మాత్రం నువ్వు మానెయ్. పైన వేసిన లెక్కలోనే మూడో రోజు 33.6. నాలుగో రోజు కూడా రెండున్నర పాయింట్లు పైకి పోతే 28 దగ్గరికి వస్తుంది. ఐదో రోజు ఇంకా కిందకి. గట్టి ట్రెండ్‌లో వారం పది రోజులు కిందనే పడి ఉంటుంది. ఆ పది రోజులూ నువ్వు షార్టులేనా?

రాకెట్‌బాబు

రెండుసార్లు అలా ఇరుక్కున్న మాట నిజమే 😅 మిగతాసార్లు వచ్చిందిగా.

కొత్తనీరు

నిదానం గారూ, అద్దంలో నా మొహం చూసినట్టుంది. మరి ఏం చెయ్యమంటారు? గీతలు దగ్గరికి జరపాలా, 55, 45 అలా?

నిదానం

జరిపితే తొందరగా మారుతుంది, ఊరికే అటూ ఇటూ కూడా మారుతుంది. నేను చేసేది వేరు. ఈ రోజు గీత ఎక్కడుందని కాకుండా, చివరిగా ఏ గీత దాటి వచ్చిందో గుర్తుపెట్టుకుంటాను. ఒకసారి 61.8 దాటితే నా కాగితంలో రేంజ్ అని రాసుకుంటా. మళ్లీ 50 కిందకి దిగేదాకా ఆ మాట మారదు, 57కి వచ్చినా, 53కి వచ్చినా. కానీ ఒక మినహాయింపు ఉంది: ధర ఆ 14 బార్ల మేర బయట క్లోజ్ అయితే రేంజ్ అక్కడికక్కడే చచ్చినట్టు, చాపీనెస్ ఎంత చూపిస్తున్నా సరే. పై ఉదాహరణలో 109 దగ్గర క్లోజ్ అయిన రోజే నేను బ్రేకౌట్ స్ట్రాటజీకి మారతా, 114 దాకా ఆగను. అంటే ట్రెండ్ మొదలైందని చెప్పే పని ధరకే ఇచ్చా. చాపీనెస్ చెప్పేది, దానికి ముందు మార్కెట్ ఏ స్థితిలో ఉంది అన్నది మాత్రమే.

38.2 నాకు ఎంట్రీ గీత కాదు. అక్కడ ఎదురు వెయ్యకు, ఉన్నదాన్ని ట్రెయిల్ చేసుకో, అంతవరకే.

తూనిక

నిదానం గారి పద్ధతిని కాదనను గానీ, మినహాయింపుల మీద మినహాయింపులు పెడుతూ పోతే పాత డేటాకి కుట్టించిన చొక్కా అవుతుంది. నేను చాపీనెస్ ఫిల్టర్ పెట్టి, పెట్టకుండా, రెండు రకాలుగా నా బ్రేకౌట్ సిస్టమ్ బ్యాక్‌టెస్ట్ చేశా. ఫిల్టర్ పెడితే ట్రేడ్లు సగానికి తగ్గాయి, ఒక్కో ట్రేడ్ మీద సగటు లాభం మాత్రం ఇంచుమించు అంతే ఉంది. నష్టాలతో పాటు మంచి ట్రేడ్లూ పోయాయన్న మాట. యాదృచ్ఛికంగా సగం ట్రేడ్లు కొట్టేసినా అదే వస్తుంది కదా? ఫిల్టర్ పనిచేస్తోందని చెప్పాలంటే మిగిలిన ట్రేడ్ల సగటు పెరగాలి. అది చూపించండి ఎవరైనా.

గానుగెద్దు

తూనిక గారి పరీక్ష సరైనదే, నేను ఒప్పుకుంటున్నా. నా సిస్టమ్‌లో ఎదురు వేసే వైపు సగటు కొంచెం మెరుగైంది, బ్రేకౌట్ వైపు ఏ మార్పూ లేదు. అది కూడా ఒక్క ఇన్‌స్ట్రుమెంట్ మీదే, కాబట్టి గొప్పగా చెప్పుకోను.

కోడ్‌గీతలు

నాదొక సమస్య. పైథాన్‌లో నేనే రాసుకున్నా. గీత ఎప్పుడూ 43 దాటట్లేదు! ఎంత చచ్చు మార్కెట్ అయినా సరే. ఎప్పుడు చూసినా ట్రెండ్ ట్రెండ్ అంటోంది. డేటా తప్పేమో అని రెండుసార్లు మళ్లీ దించుకున్నా.

గానుగెద్దు

కింద `math.log(n)` రాశారా? పైథాన్‌లో అది 10 ఆధారం కాదు, సహజ లాగరిథమ్. పైన `log10`, కింద `log` వేస్తే గీత 43.4 దగ్గర కప్పు కొడుతుంది. నిదానం గారి 65.3 మీ కోడ్‌లో 28.4గా వస్తుంది, అంటే అచ్చమైన రేంజ్‌ని గట్టి ట్రెండ్ అంటుంది. పైనా కిందా ఒకటే లాగ్ వాడండి, ఏదైనా పర్లేదు, ఆధారం కొట్టుకుపోతుంది.

కోడ్‌గీతలు

అదేనండీ!! పాపం డేటాని తిట్టుకున్నా. థాంక్స్.

పొద్దుచార్టు

కొత్తనీరు గారూ, మీరు డైలీ చార్టు అన్నారు కాబట్టి అడుగుతున్నా. మీ 15 నష్టాల్లో, గీత ఒక్క రోజులో 30 నుంచి 70 పైకి ఎగిరి, అది చూసి మీరు రేంజ్ వేసినవి ఉన్నాయా?

కొత్తనీరు

ఉన్నాయి! రెండు గుర్తున్నాయి. అది మంచి గట్టి సిగ్నల్ అనుకున్నా. ఎలా కనిపెట్టారు?

పొద్దుచార్టు

నేనూ ఆ గుంటలో పడ్డవాణ్నే. అది మార్కెట్ చేసిన పని కాదు, రెండు వారాల కిందటి గ్యాప్ విండోలోంచి బయటికి పోతూ చేసిన గోల.

చూడండి. ముందు రోజు లో 98.5, క్లోజ్ 100. మర్నాడు గ్యాప్‌తో 110 దగ్గర ఓపెన్, హై 112, లో 110. ముందు క్లోజ్ నుంచి కొలుస్తారు కాబట్టి ఆ రోజు ట్రూ రేంజ్ 12. తర్వాత ధర 109కీ 113కీ మధ్య నింపాదిగా కూర్చుంది, రోజుకి ట్రూ రేంజ్ 1.5.

గ్యాప్ ముందు రోజు ఇంకా విండోలో అన్నిటికన్నా పాత బార్‌గా ఉన్నప్పుడు: నడక 31.5, మేర 98.5 నుంచి 113 దాకా 14.5. చాపీనెస్ 29.4. పన్నెండు రోజులుగా ధర కదలట్లేదు, అయినా ట్రెండ్ అంటోంది. మర్నాడు ఆ పాత బార్ జారిపోయింది. ఇప్పుడు గ్యాప్ బారే అన్నిటికన్నా పాతది. నడక మళ్లీ 31.5, ఎందుకంటే 12 ఇంకా లెక్కలోనే ఉంది. కానీ మేర మాత్రం 109 నుంచి 113, నాలుగే! చాపీనెస్ 78.2. ఆ తర్వాతి రోజు గ్యాప్ బార్ కూడా పోయింది, నడక 21, మేర 4, చాపీనెస్ 62.8.

మూడు రోజుల్లో 29, 78, 63. ధర మాత్రం గుమ్మం దాటలేదు. మీరు 78 చూసి మంచి గట్టి సిగ్నల్ అనుకున్నారు. అసలు ఆ రేంజ్ పుట్టి అప్పటికే రెండు వారాలైంది.

కారణం చిన్నదే. నడక కొలిచేటప్పుడు ముందు రోజు క్లోజ్‌ని కలుపుతున్నాం, మేర కొలిచేటప్పుడు కలపట్లేదు. గ్యాప్ మరీ పెద్దదైతే గీత 100 కూడా దాటేస్తుంది. రెండు చోట్లా ఒకే కొలబద్ద పెడితే ఆ పిచ్చి ఎగురుడు పోతుంది. పైన్ స్క్రిప్ట్‌లో నేను వాడేది:

```
//@version=5
indicator("Choppiness")
n  = 14
th = math.max(high, close[1])
tl = math.min(low, close[1])
walk = math.sum(ta.tr, n)
span = ta.highest(th, n) - ta.lowest(tl, n)
plot(100 * math.log10(walk / span) / math.log10(n))
```

దీంతో అదే మూడు రోజులకి 29.4, 33.5, 62.8 వస్తాయి. 78 మాయమైంది. 33 నుంచి 63కి దూకడం మాత్రం మిగిలింది, దానికి నా దగ్గర మందు లేదు. విండో ఉన్నంతకాలం పాత బార్ వెళ్లేటప్పుడు ఒక తన్ను తన్నే పోతుంది.

నిదానం

ఇది నేను ఇన్నాళ్లూ గమనించలేదు. 30 నుంచి 70కి దూకితే పద్నాలుగు బార్లు వెనక్కి లెక్కపెట్టి అక్కడేముందో చూడాలన్న మాట.

పొద్దుచార్టు

అంతే. గ్యాప్ ఉందా, లేక ఒక రాక్షస క్యాండిల్ ఉందా అని. రెండూ లేకపోతే అప్పుడు నమ్మొచ్చు. రోజంతా ఆగకుండా నడిచే మార్కెట్లలో ఈ గొడవ తక్కువ.

శాంతమ్మ

నాకు సగం అర్థమైంది, సగం తలమీంచి పోయింది. ఇంత తిప్పలు పడే బదులు 14 తీసేసి 50 పెట్టుకుంటే గీత నున్నగా వస్తుంది కదా? నేను అలాగే పెట్టుకున్నాను. కానీ పై గీతని ముట్టుకోనే ముట్టుకోవట్లేదు.

గానుగెద్దు

శాంతమ్మ గారూ, మీరు తెలీకుండానే మంచి ప్రశ్న వేశారు. బార్ల సంఖ్య పెంచితే 50 అనే మధ్య గీత మారదు, కానీ గీత ఊగే వెడల్పు కుదించుకుపోతుంది. 14 బార్లకి 61.8 చేరాలంటే, నాణెం నడక కన్నా 1.37 రెట్లు ఎక్కువగా తిరిగిన చోటే తిరగాలి. 50 బార్లకైతే 1.59 రెట్లు కావాలి. గీత అదే, ఎక్కాల్సిన కొండ పెద్దదైంది. అందుకే ముట్టుకోవట్లేదు. మీ 50కి సరిపోయే పై గీత 58 దగ్గర్లో ఉంటుంది.

తూనిక

ఇలా ప్రతిదానికీ గీత జరిపే బదులు, ఆ ఇన్‌స్ట్రుమెంట్ సొంత చరిత్రలో పై 20 శాతం ఎక్కడ మొదలవుతుందో చూసి అదే గీతగా పెట్టుకోవడం మేలు.

గానుగెద్దు

దానికి నా అభ్యంతరం ఉంది. సొంత చరిత్రతో పోలిస్తే, రెండేళ్లు వరసగా ట్రెండ్‌లో ఉన్న మార్కెట్లో కూడా 20 శాతం రోజుల్ని రేంజ్ అని ముద్ర వేసి తీరుతుంది. లేనిదాన్ని పుట్టిస్తుంది.

తూనిక

మీ 61.8 మాత్రం ఏం తక్కువ? నాణెం చార్టులో కూడా రేంజ్ చూపిస్తుందని మీరే అన్నారు.

గానుగెద్దు

అదీ నిజమే. దీనికి నా దగ్గర తెగే సమాధానం లేదు.

రాకెట్‌బాబు

ఇవన్నీ ఎందుకు, ఏడీఎక్స్ పెట్టుకోండి అయిపోతుంది.

నిదానం

ఏడీఎక్స్ రెండుసార్లు నునుపు చేసిన గీత తమ్ముడూ, గ్యాప్ వెళ్లినప్పుడు ఇలా తన్నదు, అది దాని సుగుణం. బదులుగా ఇంకా ఆలస్యం. పైన వేసిన మూడు రోజుల ఉదాహరణలో చాపీనెస్ మూడో రోజుకైనా పలికింది.

కొత్తనీరు

అందరికీ థాంక్స్. రాత్రి కూర్చుని 15 నష్టాలూ విడివిడిగా చూశాను. రేంజ్ వైపువి తొమ్మిది. అందులో మూడు పొద్దుచార్టు గారు చెప్పిన గ్యాప్ ఎగురుళ్లే, సరిగ్గా 14 బార్ల వెనక గ్యాప్ కనిపించింది, నేను రెండే అనుకున్నా. నాలుగింట్లో ధర మేర బయట క్లోజ్ అయిన తర్వాత కూడా, గీత ఇంకా 61.8 పైనే ఉందని రెండోసారి షార్ట్ వేశాను. అవి నా స్వయంకృతం. మిగతా రెండూ ఎందుకు పోయాయో తెలీదు, ఊరికే పోయాయనుకుంటా.

ట్రెండ్ వైపు ఆరూ 38.2 ఆలస్యం వల్ల పోయినవే.

ఒక్క సందేహం మిగిలింది. నిదానం గారూ, గ్యాప్‌తోనే మేర బయట ఓపెన్ అయి, అక్కడే క్లోజ్ అయితే? మీ లెక్కలో అదే బ్రేకౌట్, ఆ రోజే ఎక్కాలి. కానీ పొద్దుచార్టు గారి ఉదాహరణలో జరిగింది కూడా అదే, ఎక్కినవాడు రెండు వారాలు అక్కడే కూర్చున్నాడు.

నిదానం

అవును, అక్కడ నేనూ ఎక్కేవాణ్నే. గ్యాప్ బ్రేకౌట్లని వేరు చేసి నేను లెక్క తీయలేదు. ఈ వారాంతం నా పాత ట్రేడ్లలో అవి విడిగా తీసి ఇక్కడే పెడతాను.

తూనిక

పెట్టేటప్పుడు ఫిల్టర్ లేకుండా సగటు ఎంతో కూడా పెట్టండి.